కరెంటు బిల్లు రెండుసార్లు కట్ అయింది: రెండో 2,480 ఎక్కడ ఆగింది?

ప్రశ్న: ఆరో తేదీ రాత్రి పేమెంట్ యాప్‌లో కరెంటు బిల్లు 2,480 రూపాయలు కట్టాను. ఎంతసేపటికీ ప్రాసెసింగ్ అనే చూపించడంతో ఎనిమిది నిమిషాలు ఆగి మళ్లీ కట్టాను. అకౌంట్లోంచి 4,960 పోయాయి. ఇప్పుడు యాప్‌లో రెండూ సక్సెస్ అనే ఉన్నాయి. యాప్ వాళ్లు కరెంటు ఆఫీసును అడగమంటున్నారు. కరెంటు ఆఫీసులో ఏమో మాకు ఒక్కటే వచ్చింది, యాప్ వాళ్లనే అడగండి అంటున్నారు. పది రోజులైంది. అద్దె ఇల్లు, నెలాఖరుకు ఖాళీ చేస్తున్నాం, కాబట్టి వచ్చే బిల్లులో సర్దుతామన్నా నాకు ఉపయోగం లేదు. ఒక 2,480 వెనక్కి రావాలంటే ఏం చేయాలి?

జవాబు: మీకు చెప్పిన ఇద్దరూ అబద్ధం చెబుతున్నారని అనుకోనక్కర్లేదు. ఎవరి స్క్రీన్ మీద కనిపించింది వాళ్లు చెబుతున్నారు. యాప్‌లో బిల్లు కట్టడం మనకు ఒక్క పనిలా కనిపిస్తుంది కానీ లోపల అది రెండు పనులు. మొదటిది, మీ బ్యాంకు ఖాతాలోంచి డబ్బు బయటికి రావడం. ఇది యూపీఐ మీద జరుగుతుంది. రెండోది, ఆ డబ్బు ఫలానా సర్వీసు నంబరు తాలూకు బిల్లు అన్న వివరంతో సహా విద్యుత్ సంస్థకు చేరడం. ఇది భారత్ బిల్ పేమెంట్ సిస్టమ్ మీద, అంటే బీబీపీఎస్ మీద జరుగుతుంది. ఈ మధ్య రసీదుల మీద దీన్ని భారత్ కనెక్ట్ అన్న పేరుతో చూస్తున్నారు. మొదటి పని పూర్తయి రెండోది మధ్యలో ఆగిపోవచ్చు. అలా ఆగినప్పుడు బ్యాంకు దృష్టిలో అంతా సవ్యంగా జరిగినట్టే, విద్యుత్ సంస్థ దృష్టిలో అసలేమీ జరగనట్టే.

కాబట్టి నా డబ్బు వెనక్కి ఇవ్వండి అని అడిగేముందు ఆ డబ్బు ఏ మెట్టు దగ్గర ఆగిందో మీరే తేల్చుకోవాలి. ఫిర్యాదు ఎవరికి పెట్టాలి, ఏ నియమం వర్తిస్తుంది, ఎన్ని రోజులు పడుతుంది అన్నవన్నీ దాన్నిబట్టే ఉంటాయి. ఇది తేల్చకుండా రాసిన ఫిర్యాదుకు ‘రెండు లావాదేవీలూ విజయవంతం, బిల్లర్‌ను సంప్రదించండి’ అనే రెడీమేడ్ జవాబే వస్తుంది, బిల్లర్ అంటే ఇక్కడ విద్యుత్ సంస్థ. మీకు వచ్చింది అదే.

ముందుగా బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. ఎస్ఎంఎస్‌లు సరిపోవు. ఒకే డెబిట్‌కు రెండు మెసేజ్‌లు రావడం మామూలే, రివర్సల్ పడినప్పుడు అసలు మెసేజే రాకపోవడమూ ఉంది. నెట్ బ్యాంకింగ్‌లో గానీ బ్యాంకు యాప్‌లో గానీ ఆరో తేదీ నుంచి ఈరోజు వరకు స్టేట్‌మెంట్ తెరిచి 2,480 ఉన్న ప్రతి వరుసా చూడండి. ప్రతి యూపీఐ డెబిట్ పక్కన ఒక 12 అంకెల నంబరు ఉంటుంది. యాప్ రసీదులో దాన్నే UTR అనో, యూపీఐ రిఫరెన్స్ నంబరు అనో, కొన్ని చోట్ల RRN అనో రాస్తారు. రెండు డెబిట్లకు రెండు వేరు వేరు నంబర్లు ఉంటేనే డబ్బు నిజంగా రెండుసార్లు వెళ్లినట్టు. తర్వాత అదే స్టేట్‌మెంట్‌లో జమ వైపు కూడా చూడండి. ఏడో తేదీనో ఎనిమిదో తేదీనో ఒక 2,480 నిశ్శబ్దంగా తిరిగి వచ్చి ఉంటే ఆ వరుసలో కూడా పాత 12 అంకెల నంబరుగానీ, రివర్సల్, రిఫండ్ అనే మాటగానీ కనిపిస్తుంది. యాప్‌లో వాలెట్ బ్యాలెన్స్ ఉంటే అదీ ఒకసారి చూడండి. రిఫండ్ సాధారణంగా డబ్బు ఎక్కడి నుంచి పోయిందో అక్కడికే వస్తుంది గానీ, వాలెట్లో పడిందని గమనించకుండా వెతుక్కునేవాళ్లూ ఉన్నారు.

రెండో పని, యాప్‌లో హిస్టరీ తెరిచి ఆ రెండు రసీదులూ పక్కపక్కన పెట్టుకోవడం. వాటిలో చూడాల్సింది పచ్చ రంగు టిక్కు కాదు. ముందు సర్వీసు నంబరు చూడండి. యాప్‌లో మీ పాత ఇంటిదో, అమ్మగారింటిదో నంబరు సేవ్ అయి ఉంటే కంగారులో మొదటిసారి ఒకటి, రెండోసారి ఇంకొకటి నొక్కేసే అవకాశం ఉంది. బిల్లు మొత్తం ఒకటే కాబట్టి మీ విషయంలో ఇలా జరిగి ఉండకపోవచ్చు, అయినా ఒక్కో అంకె సరిపోల్చండి. వేరే నంబరుకు వెళ్లిన డబ్బు సంగతి పూర్తిగా వేరు.

తర్వాత చూడాల్సింది బిల్ పేమెంట్ ఐడీ. అసలు కీలకం ఇదే. బీబీపీఎస్ ద్వారా బిల్లు పూర్తయితే రసీదు మీద ‘B-Connect Transaction ID’ అనో, ‘BBPS Transaction ID’ అనో ఒక నంబరు పడుతుంది. అది అంకెలూ అక్షరాలూ కలిసి ఉంటుంది. యూపీఐ నంబరు డబ్బు బ్యాంకు నుంచి బయలుదేరిందని చెబుతుంది. ఈ బిల్ పేమెంట్ ఐడీ బిల్లు కట్టినట్టు నమోదైందని చెబుతుంది. రెండు రసీదుల మీదా వేరు వేరు బిల్ పేమెంట్ ఐడీలు ఉన్నాయా, ఒక్కదాని మీదే ఉందా, రెండింటి మీదా ఒకటే ఉందా? కాగితం మీద రాసుకోండి.

మూడో వైపు విద్యుత్ సంస్థ. ఆఫీసులో నోటిమాటగా ఒక్కటే వచ్చిందని చెప్పడం మీకు ఫిర్యాదులో పనికిరాదు. డిస్కం, అంటే మీ విద్యుత్ సంస్థ వెబ్‌సైట్‌లో గానీ దాని యాప్‌లో గానీ మీ సర్వీసు నంబరు కొడితే చెల్లింపుల చరిత్ర వస్తుంది. ఆరు, ఏడు, ఎనిమిది తేదీల్లో 2,480 ఎన్నిసార్లు జమైందో చూసి స్క్రీన్‌షాట్ తీయండి. అక్కడ స్పష్టంగా లేకపోతే మీ సర్వీసు ఏ ఈఆర్ఓ కిందికి వస్తుందో బిల్లు మీద ఉంటుంది. ఈఆర్ఓ అంటే ఎలక్ట్రిసిటీ రెవెన్యూ ఆఫీసు. లైన్‌మన్‌నో సెక్షన్ ఆఫీసునో అడిగితే లాభం లేదు, డబ్బు లెక్కలు ఈఆర్ఓలోనే ఉంటాయి. ఆ నెల జమల వివరం, అంటే లెడ్జర్ కాపీ ఇవ్వమని అడగండి. అందులో జమైన మొత్తం, తేదీతోపాటు ఆ జమ తాలూకు లావాదేవీ నంబరు కూడా చూపించమనండి. ఆ నంబరు ఎందుకు అంత ముఖ్యమో కాసేపట్లో చెబుతాను.

ఈ మూడూ పక్కపక్కన పెడితే మీ సంగతి మూడింట్లో ఒకటిగా తేలుతుంది.

డబ్బు బ్యాంకు దగ్గరే ఆగిపోయి ఉండటం మొదటిది. డెబిట్ అయింది కానీ యూపీఐ లావాదేవీయే విఫలమైంది, లేదా పెండింగ్‌లోనే ఉంది. దీనికి రిజర్వ్ బ్యాంకు నియమం స్పష్టంగా ఉంది. 2019 సెప్టెంబర్ 20 నాటి సర్క్యులర్ ప్రకారం వ్యాపారికి చేసే యూపీఐ చెల్లింపులో ఖాతాలోంచి డబ్బు పోయి, అవతల ధ్రువీకరణ అందకపోతే ఐదు రోజుల్లోగా దానంతట అదే వెనక్కి రావాలి. లావాదేవీ జరిగిన తేదీని వదిలి ఐదు రోజులు, అవి క్యాలెండర్ రోజులే, బ్యాంకు పనిదినాలు కావు. మీ లెక్కలో ఆరో తేదీకి గడువు పదకొండుతో తీరింది. ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం కూడా ఇవ్వాలి, మీరు అడగకపోయినా ఇవ్వాలి. చాలామంది ఈ వంద రూపాయల నియమాన్ని రెండుసార్లు కట్ అయిన ప్రతి కేసుకూ వర్తిస్తుందనుకుంటారు. వర్తించదు. అది విఫలమైన లావాదేవీలకు మాత్రమే. మీ రెండూ సక్సెస్ అని ఉన్నాయి కాబట్టి దీని మీద ఆశ పెట్టుకోవద్దు. స్టేట్‌మెంట్‌లో ఒకటి విఫలమైనట్టు తేలితే మాత్రం వదలొద్దు.

ఇక రెండో రకం, మీది ఇదే అయ్యుంటుందని నాకనిపిస్తోంది. రెండు UTRలూ వేరు, రెండు డెబిట్లూ నిజమే, కానీ ఒక రసీదు మీదే బిల్ పేమెంట్ ఐడీ ఉంది, లేదా రెండింటి మీదా అదే నంబరు ఉంది, డిస్కం లెక్కలో ఒక్కటే జమ ఉంది. అంటే మొదటి 2,480 మీ బ్యాంకును దాటి యాప్ తరఫున డబ్బు తీసుకునే ఖాతాలోకి వెళ్లింది, అక్కడి నుంచి బిల్లుగా ముందుకు కదల్లేదు. అప్పుడు ఆ డబ్బు విద్యుత్ సంస్థ దగ్గర లేదు, మీ బ్యాంకు దగ్గరా లేదు. యాప్ దగ్గరో, యాప్ తరఫున బిల్లులు పంపే సంస్థ దగ్గరో ఉంది. రిఫండ్ చేయాల్సింది యాప్. ‘రెండూ సక్సెస్’ అని వాళ్లు చూస్తున్నది యూపీఐ సగాన్ని మాత్రమే.

మూడో రకంలో రెండింటికీ వేరు వేరు బిల్ పేమెంట్ ఐడీలుంటాయి, డిస్కం లెక్కలో కూడా రెండు జమలుంటాయి. అప్పుడు డబ్బు విద్యుత్ సంస్థ దగ్గరుంది, మీ సర్వీసు మీద అడ్వాన్సుగా పడి ఉంది. యాప్ దాన్ని వెనక్కి లాగలేదు. ఇక్కడొక మధ్య స్థితి కూడా ఉంది. రెండు బిల్ పేమెంట్ ఐడీలున్నా డిస్కం లెక్కలో ఒక్కటే కనిపించవచ్చు. ఒకటి రెండు పనిదినాల వరకు అది మామూలు ఆలస్యమే, కానీ పది రోజులైతే ఆలస్యం అనడానికి లేదు. ఆ బిల్ పేమెంట్ ఐడీ ఇచ్చి బీబీపీఎస్‌లోనే ఫిర్యాదు పెట్టాలి.

ఇప్పుడు ఫిర్యాదు. దానికంటే ముందు ఒక హెచ్చరిక, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. రెండు చెల్లింపుల్లో బిల్లుకు జమైంది ఏదో, జమ కానిది ఏదో కచ్చితంగా తెలియకుండా ఏ ఒక్కదాని మీదా ఫిర్యాదు పెట్టొద్దు. ఎక్కువమంది రెండోసారి కట్టింది ఎక్కువైంది కదా అని రెండో UTR మీద ఫిర్యాదు పెడతారు. కానీ ఇలాంటి కేసుల్లో మధ్యలో ఇరుక్కునేది తరచుగా మొదటిది, అంటే ప్రాసెసింగ్ అని చూపించినది. బిల్లుకు జమైంది రెండోది. జమైన దానిమీదే మీరు వివాదం లేవనెత్తి అది నెగ్గిందనుకోండి, డిస్కం లెక్కలో మీ బిల్లు మళ్లీ కట్టనట్టు అవుతుంది. గడువు దాటిన బకాయిగా మారుతుంది, మీరు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనరు దగ్గర మాట పడాల్సి వస్తుంది. ఈఆర్ఓలో లావాదేవీ నంబరు అడగమన్నది ఇందుకే. అక్కడ నమోదైన నంబరు ఏ రసీదుతో కలిస్తే అది చెల్లిన చెల్లింపు, మిగిలినది మీరు వెనక్కి అడగాల్సినది.

మీది రెండో రకమని తేలిందనుకుందాం. యాప్‌లో హెల్ప్ విభాగంలోకి నేరుగా వెళ్లి కొత్త చాట్ మొదలుపెట్టకండి. హిస్టరీలో జమ కాని ఆ లావాదేవీని తెరిచి, దాని కిందే ఉండే హెల్ప్ లేదా సమస్య తెలపండి అన్న బటన్ నొక్కండి. అలా పెట్టిన ఫిర్యాదు ఆ UTRకు అతుక్కుని ఉంటుంది, చూసేవాళ్లు ఏ లావాదేవీ అని మళ్లీ అడగరు. బిల్లు తాలూకు ఫిర్యాదు కారణాల్లో ‘Duplicate Payment’ లాంటిదో, డబ్బు కట్ అయింది కానీ బిల్లర్ ఖాతాలో జమ కాలేదు అన్నదో ఉంటే, మీ కేసుకు రెండోది సరైనది. ఈ ఎంపిక పైకి చిన్నగా కనిపిస్తుంది గానీ ఫలితాన్ని మార్చేస్తుంది. డూప్లికేట్ అంటే రెండూ బిల్లర్‌కు చేరాయని మీరే ఒప్పుకున్నట్టు లెక్క, ఫైలు బిల్లర్ వైపు వెళుతుంది. జమ కాలేదు అంటే, ఎక్కడ జమైందో చూపించాల్సిన బాధ్యత యాప్ మీద పడుతుంది.

రాసే వివరణలో కోపం, కథ వద్దు. ఇలా రాయండి, అంకెలు మీవి పెట్టుకోండి:

‘ఆరో తేదీన ఒకే కరెంటు బిల్లుకు (సర్వీసు నంబరు ఫలానా) నా ఖాతా నుంచి 2,480 రూపాయలు చొప్పున రెండుసార్లు డెబిట్ అయ్యాయి. మొదటి UTR ఫలానా, సమయం ఫలానా. రెండో UTR ఫలానా, సమయం ఫలానా. రెండో చెల్లింపుకు ఫలానా బిల్ పేమెంట్ ఐడీ ఉంది, అది విద్యుత్ సంస్థ ఖాతాలో జమైంది. మొదటి చెల్లింపుకు బిల్ పేమెంట్ ఐడీ లేదు, విద్యుత్ సంస్థ ఖాతాలో జమ కాలేదు. లెడ్జర్ కాపీ జత చేశాను. మొదటి UTR తాలూకు 2,480 రూపాయలను నా ఖాతాకు తిరిగి పంపగలరు. ఆ మొత్తం బిల్లర్‌కు చేరిందని మీరు భావిస్తే దాని బీబీపీఎస్ లావాదేవీ ఐడీ, బిల్లర్ ఇచ్చిన రసీదు నంబరు తెలపగలరు.’

చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. దానికి ‘రెండూ సక్సెస్’ అని జవాబివ్వడం కుదరదు. నంబరు చూపించాలి, లేదా డబ్బు ఇవ్వాలి. స్టేట్‌మెంట్‌లో ఆ రెండు వరుసలున్న పేజీ, రెండు రసీదులు, లెడ్జర్ కాపీ జత చేయండి. స్టేట్‌మెంట్‌లో మిగిలిన లావాదేవీలు, ఖాతా నంబరులో చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావి కనిపించకుండా చేయండి. ఫిర్యాదు పెట్టగానే వచ్చే టికెట్ నంబరు, తేదీ రాసిపెట్టుకోండి. ముందు ముందు గడువులన్నీ ఈ తేదీ నుంచే లెక్క. చాట్‌లో మాట్లాడితే అది ముగిశాక కనిపించకుండా పోవచ్చు, స్క్రీన్‌షాట్లు అప్పటికప్పుడే తీయండి.

‘రిఫండ్ ఇనీషియేట్ చేశాం’ అని జవాబు వస్తే అక్కడితో ఆగకండి. ఆ రిఫండ్ తాలూకు UTR ఇవ్వమని అడగండి. అది ఉంటే డబ్బు రాకపోయినా మీ బ్యాంకు దాన్ని పట్టుకోగలదు. అది లేకపోతే ఆ జవాబుకు అర్థం డబ్బు ఇంకా కదల్లేదనే.

యాప్ వారం రోజుల్లో సరైన జవాబివ్వకపోతే పై మెట్టు ఎక్కాలి. చాలా యూపీఐ యాప్‌లు సొంతంగా బ్యాంకులు కావు, ఒక బ్యాంకు వెనకాల ఉండి వాటిని నడిపిస్తుంది. మీ యూపీఐ ఐడీలో @ తర్వాత వచ్చే భాగం ఆ బ్యాంకుకు సంబంధించినదే. యాప్ నిబంధనల పేజీలో ఆ బ్యాంకు పేరు, ఫిర్యాదు అధికారి మెయిల్ ఉంటాయి. ముందు యాప్, తర్వాత ఆ వెనకున్న బ్యాంకు, తర్వాత మీ ఖాతా ఉన్న బ్యాంకు, ఆ తర్వాత యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ. యూపీఐ ఫిర్యాదులకు ఎన్‌పీసీఐ చెప్పే క్రమం ఇదే. అది చదివితే నెలలు పట్టేలా ఉంటుంది కానీ, యాప్‌కు రాసిన ఫిర్యాదునే మెయిల్‌గా వెనకున్న బ్యాంకుకూ, మీ బ్యాంకుకూ ఒకదాని వెనక ఒకటి పంపడానికి పట్టేది కొద్ది రోజులే. ప్రతి మెయిల్‌లో ముందు మెట్టులో వచ్చిన టికెట్ నంబరు రాయండి.

మీ సొంత బ్యాంకు దగ్గర ఇంకో దారి కూడా ఉంది. యూపీఐ వివాదం, వాడుకలో చార్జ్‌బ్యాక్ అంటారు. సరుకు అందలేదు, సేవ అందలేదు, ఒకే దానికి రెండుసార్లు కట్టాను లాంటి కారణాలతో బ్యాంకు ద్వారా అవతలి వైపు నుంచి డబ్బు వెనక్కి అడగవచ్చు. అవతలివాళ్లు సేవ అందించాం అని రుజువు చూపితే తిరస్కరణకు గురవుతుంది. మీరు ఎంచుకున్న UTRకు బిల్ పేమెంట్ ఐడీ లేదు, డిస్కం జమ లేదు అన్న కాగితం మీ చేతిలో ఉంటే వాళ్లు చూపించడానికి ఏమీ ఉండదు. ఆ కాగితం లేకుండా ఈ దారి పట్టకండి. ఒకసారి తిరస్కరించాక అదే UTR మీద మళ్లీ తెరిపించడం చాలా కష్టం. ఇంకో సంగతి, యాప్ రిఫండ్‌కు ఒప్పుకున్నాక బ్యాంకులో వివాదం కూడా నడుస్తుంటే రెండూ ఒకదానికొకటి అడ్డొచ్చి ఆగిపోతాయి. ఒక దారి మూసుకున్నాకే ఇంకో దారి తెరవండి.

యాప్‌కు గానీ బ్యాంకుకు గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు మీకు సమ్మతం కాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. `cms.rbi.org.in` లో ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. సందేహాలకు 14448 కు ఫోన్ చేయొచ్చు. అక్కడ ఎక్కువ ఫిర్యాదులు పక్కకు పోవడానికి కారణాలు రెండు. 30 రోజులు కాకముందే వెళ్లడం ఒకటి, సంస్థకు ముందుగా రాసినట్టు రుజువు లేకపోవడం రెండోది. ఫోన్లో మాట్లాడాను అంటే రుజువు కాదు. ఇంకో పరిమితి కూడా ఉంది. అంబుడ్స్‌మన్ పరిధి రిజర్వ్ బ్యాంకు నియంత్రణలో ఉన్న సంస్థల వరకే. కాబట్టి యాప్ పేరు ఫారంలో దొరక్కపోతే దాని వెనకున్న బ్యాంకు పేరు మీద ఫిర్యాదు పెట్టండి. విద్యుత్ సంస్థ మీద ఫిర్యాదు అక్కడ తీసుకోరు.

ఇక మూడో రకం, అంటే రెండూ డిస్కంకు చేరిపోయాయని లెడ్జర్ చూశాక తెలిస్తే మీ అద్దె ఇంటి సంగతి ముందుకొస్తుంది. సొంత ఇల్లయితే ఏమీ చేయకుండా కూర్చున్నా నష్టం లేదు. వచ్చే బిల్లులో 2,480 మైనస్‌గా కనిపించి అందులోంచి తరుగుతుంది. మీరు నెలాఖరుకు వెళ్లిపోతే ఆ అడ్వాన్సు మీ తర్వాత వచ్చేవాళ్లకో, ఓనరుకో పోతుంది. డబ్బుగా వెనక్కి ఇవ్వమని ఈఆర్ఓలో దరఖాస్తు పెట్టొచ్చు. కానీ సర్వీసు ఎవరి పేరున ఉందో వాళ్లే సంతకం చేయాలని అడుగుతారు, అది ఓనరు పేరే అయ్యుంటుంది. సంస్థలు సాధారణంగా రిఫండ్ కంటే సర్దుబాటుకే మొగ్గు చూపుతాయి, రిఫండ్‌కు ఒప్పుకున్నా ఫైలు కదలడానికి మీరు ఇల్లు మారే తేదీ దాటిపోతుంది.

అందుకని అప్పుడు నేరుగా ఓనరుతో లెక్క చూసుకోవడమే తేలిక. ఖాళీ చేసే రోజు మీటర్ రీడింగ్ ఫొటో తీయండి. చివరి బిల్లు తర్వాత వాడిన యూనిట్లకు ఎంతవుతుందో ఇద్దరూ కలిసి లెక్కేయండి. ఉదాహరణకు ఆ వాడకానికి 1,600 అయిందనుకుంటే, మీ అడ్వాన్సు 2,480 లోంచి అది పోను 880 ఓనరు మీకివ్వాలి. ఇంటి అడ్వాన్సు తిరిగిచ్చేటప్పుడు ఈ 880 కూడా కలిపి ఇమ్మని, రెండు జమలూ కనిపిస్తున్న లెడ్జర్ కాపీ చూపించండి. కాగితం ముందుంటే ఓనర్లు సాధారణంగా పేచీ పెట్టరు, వచ్చే బిల్లులో ఆ మేరకు తగ్గడం వాళ్లే చూస్తారు కాబట్టి. వాడకం 2,480 కంటే ఎక్కువైతే మిగతాది మీరు కట్టేస్తే సరి. ఈ లెక్క ఖాళీ చేసే ముందే తేల్చుకోండి. తాళాలు ఇచ్చేశాక అడగడం ఇబ్బంది.

డిస్కం తన దగ్గర రెండు జమలున్నాయని ఒప్పుకుంటూనే సర్దుబాటూ చేయక, రిఫండూ ఇవ్వకపోతే 1912 లో ఫిర్యాదు నమోదు చేయించి నంబరు తీసుకోండి. అప్పటికీ తేలకపోతే విద్యుత్ చట్టం కింద ప్రతి డిస్కంకూ ఉండే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాయొచ్చు. బిల్లు వెనకే దాని చిరునామా ఉంటుంది. దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉంటారు.

పోరాటం నడుస్తున్నన్నాళ్లూ ఒక ప్రమాదం మీ చుట్టూనే ఉంటుంది. డబ్బు ఇరుక్కున్నవాళ్లు కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతుకుతారని మోసగాళ్లకు తెలుసు, నకిలీ నంబర్లు అక్కడే పెడతారు. సోషల్ మీడియాలో యాప్ పేరు పెట్టి మీ గోడు రాసుకుంటే నిమిషాల్లో సహాయం చేస్తాం అంటూ మెసేజ్ వస్తుంది. యాప్ లోపలి హెల్ప్ బటన్, బ్యాంకు కార్డు వెనక ఉన్న నంబరు, ఈ రెండూ తప్ప ఇంకేదీ నమ్మకండి. రిఫండ్ తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు. రిఫండ్ పేరుతో పిన్ అడిగితే డబ్బు మీ దగ్గర్నుంచి పోతున్నట్టే లెక్క. క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నా, ఫోన్ స్క్రీన్ చూపించే యాప్ ఏదైనా వేసుకోమన్నా ఫోన్ పెట్టేయండి. ఇప్పటికే అలాంటిది జరిగి ఉంటే వెంటనే 1930 కు ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఇంకోసారి బిల్లు కట్టేటప్పుడు ప్రాసెసింగ్ అని ఆగిపోతే, మళ్లీ కట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి చూడాల్సింది బ్యాంకు ఖాతా. బ్యాలెన్స్ తగ్గకపోయినా ఆ లావాదేవీ పెండింగ్‌లో ఉన్నంతవరకు ఆగండి, అది తర్వాత పూర్తయ్యే అవకాశం ఉంది. బ్యాలెన్స్ తగ్గితే మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మళ్లీ కట్టొద్దు. యాప్‌లో బిల్లు ఇంకా కట్టాల్సి ఉంది అని కనిపించడాన్ని సాక్ష్యంగా తీసుకోకండి, విద్యుత్ సంస్థ లెక్క అప్‌డేట్ అయ్యేదాకా అది అలాగే ఉంటుంది. రెండోసారి కట్టేవాళ్లలో ఎక్కువమంది ఆ ఒక్క వాక్యం చూసే కడతారు. బిల్లుకు ఆటోపే పెట్టుకున్నవాళ్లు చేత్తో కట్టేముందు ఆ నెల ఆటోపే ఎప్పుడు కట్ అవుతుందో యాప్‌లో చూసుకోవాలి. చేత్తో కట్టేశాక కూడా ఆటోపే దాని తేదీకి అది కట్ అయిందంటే అది పైన చెప్పిన మూడో రకమే, రెండూ బిల్లర్‌కు చేరినట్టే.

మీరు మొదట చేయాల్సింది రేపు ఈఆర్ఓకు వెళ్లడం. సర్వీసు నంబరు, రెండు రసీదుల ప్రింట్లు, స్టేట్‌మెంట్ తీసుకెళ్లి లెడ్జర్ కాపీ తెచ్చుకోండి. అందులో ఒక్క జమే ఉంటే అదే రోజు సాయంత్రం పైన రాసిచ్చిన ఫిర్యాదు యాప్‌లో పెట్టేయొచ్చు. రెండు జమలుంటే యాప్ సంగతి వదిలేసి ఓనరుకు ఫోన్ చేయండి.